ఆప్ బంద్ అయింది, పన్ను లెక్క బంద్ కాలె

2025 ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకంతోని ఆన్‌లైన్ గేమింగ్ చట్టం వచ్చింది. పైసలు పెట్టి ఆడే రమ్మీ, పోకర్, ఫాంటసీ క్రికెట్‌ను పెద్ద పెద్ద ఆప్‌లన్నీ వెంటనే బంద్ పెట్టినయ్. వాలెట్ల మిగిలిన పైసలు వాపస్ తీసుకోండ్రి అన్నయ్. చానమంది తీసుకున్నరు, ఆప్‌ను ఫోన్లకెల్లి పీకేసిండ్రు, ఇగ పీడ పోయిందనుకున్నరు. గీడనే ఉన్నది చిక్కు. ఆప్‌తోని పాటు మూడేండ్ల లెక్క కూడా పోయింది. ఆ లెక్క అడిగే హక్కు ఆదాయపు పన్ను శాఖకు ఇంకా చాన ఏండ్లు ఉంటది.

ఎన్ని ఏండ్లంటే, 2023-24ల ఆడిన ఆటకు అసెస్‌మెంట్ ఏడాది 2024-25. ఆ ఏడాది అయిపోయినంక మూడేండ్ల మూడు నెలల దాకా పాత రిటర్నును మళ్ల తెరవనీకె నోటీసు ఇయ్యొచ్చు. అంటే 2028 జూన్ ఆఖరు దాక. 2025-26ల ఏప్రిల్ నుంచి ఆగస్టు దాక ఆడిందానికైతే 2030 జూన్ దాక. బయటపడ్డ లెక్క 50 లక్షలు దాటితే ఇంకో రెండేండ్లు ఎక్కువ. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం, సెక్షన్ల నంబర్లు మారినయ్, గానీ అంతకు ముందటి ఏండ్ల లెక్కకు పాత చట్టమే నడుస్తది.

తెలంగాణల ఈ ఆటల మీద 2017 నుంచే నిషేధం ఉన్నది, ఆంధ్రల 2020 నుంచి. అయితే మనకేంది అనుకోవద్దు. బెంగళూరు, పుణె కొలువులల్ల ఉన్న మనోళ్లు ఎందరో ఆడిండ్రు, ఈడ ఉండి దొంగదారిల ఆడినోళ్లూ లేకపోలేదు. ఆట చట్టబద్ధమా కాదా అని పన్ను శాఖ చూడదు. పైస వచ్చిందా, ఎప్పుడొచ్చింది, అంతే.

ఆ "ఎప్పుడు" అన్నకాడనే అసలు కథ. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆన్‌లైన్ ఆటల గెలుపుకు సెక్షన్ 115బీబీజే అని వేరే పెట్టిండ్రు. నికర గెలుపు మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు, మొత్తం 31.2 శాతం. నికర గెలుపంటే ఏందో 133వ రూల్‌ల రాసి ఉన్నది. ఏడాది మొత్తంల ఆ ఖాతాలకెల్లి మీరు తీసింది ఎంత, దానికి మార్చి 31 రాత్రి ఖాతాల మిగిలింది కలపాలె. అందులకెల్లి ఆ ఏడాది మీ జేబులకెల్లి ఏసింది, ఏప్రిల్ 1 పొద్దున అప్పటికే ఖాతాల ఉన్నది తీసెయ్యాలె. మిగిలింది గెలుపు. మైనస్ వస్తే గెలుపు సున్నా. ఒక్కో పందెం గెలిచినవా ఓడినవా అన్నది ఇందుల లేదు. ఏసింది, తీసింది, ఏడాది మొదల ఉన్నది, ఆఖరుకు మిగిలింది, గీ నాలుగే.

లెక్క కోసం ఒక మనిషిని అనుకుందాం. నల్లగొండ పిలగాడు, బెంగళూరుల కొలువు. 2025 ఏప్రిల్ 1న రమ్మీ ఖాతాల పైస లేదు. ఏప్రిల్ 12న 10,000 ఏసిండు. ఆట కలిసొచ్చి 60,000 అయింది, ఏప్రిల్ 20న మొత్తం తీసిండు. కంపెనీ ఆ దినాన లెక్కేసింది: 60,000ల 10,000 తీసేస్తే 50,000 గెలుపు, దాని మీద 30 శాతం, 15,000 టీడీఎస్ పట్టుకున్నది. బ్యాంకుల పడ్డది 45,000. గెలిచినోనికి చెయ్యి ఆగదు గదా. మే నుంచి ఆగస్టు దాక కొంచెం కొంచెంగ 80,000 ఏసిండు, అంతా పోయింది. ఆప్ బంద్ అయిన నాడు ఖాతాల సున్నా.

ఇప్పుడు ఈయన ఫారం 26ఏఎస్ తీస్తే ఏం కనబడతది? 194బీఏ కింద 50,000 గెలుపు, 15,000 టీడీఎస్. అంతే. తర్వాత పోయిన 80,000 సంగతి శాఖ రికార్డుల ఏడ లేదు. అది చూసి రిటర్ను ఏస్తే 50,000 మీద 31.2 శాతం, అంటే 15,600 పన్ను. పట్టుకున్నది 15,000 కాబట్టి ఇంకో 600 కట్టాలె. టీడీఎస్‌ల సెస్సు ఉండదు, ఆ 600 అదే. రూలు ప్రకారం ఏడాది మొత్తం లెక్కేస్తే ఇట్ల ఉంటది: తీసింది 60,000, మిగిలింది సున్నా, ఏసింది 90,000. మైనస్ 30,000. గెలుపు సున్నా, పన్ను సున్నా. పట్టుకున్న 15,000 వాపస్ అడగొచ్చు. రెండు లెక్కల నడుమ తేడా 15,600 రూపాయలు. ఆ తేడాను నిలబెట్టేది మే నుంచి ఆగస్టు దాక ఏసిన పైసల తారీఖులు ఒక్కటే.

ఇదే కథను నెల రోజులు ఎనుకకు జరపండ్రి. మార్చి 12న ఏసిండు, మార్చి 20న 60,000 తీసిండు, ఏప్రిల్ నుంచి 80,000 పోగొట్టిండు. అప్పుడు గెలుపు ఒక ఏడాదిల, ఓటమి ఇంకో ఏడాదిల. మొదటి ఏడాదికి 50,000 మీద పన్ను కట్టాల్సిందే, రెండో ఏడాది మైనస్ ఎందుకూ పనికిరాదు. మనిషి అదే, ఆట అదే, పోయిన పైసలు అవే. గందుకే తారీఖు లేని లెక్క లెక్కనే కాదు. "ఎట్లైనా నేను నష్టపోయిన గదా సార్" అంటే నోటీసుకు జవాబు కాదు.

మార్చి 31 రాత్రి సంగతి ఇంకో తీరు. ఆ రాత్రి ఖాతాల 40,000 గెలుపు ఉన్నదనుకోండ్రి, తియ్యకపోయినా అది ఆ ఏడాది గెలుపే. కంపెనీ ఆ దినం లెక్కేసి టీడీఎస్ పడ్తది. ఏప్రిల్ 2న అది పోయినా పాత ఏడాది పన్ను తగ్గదు. అయితే కొత్త ఏడాదిల అది మొదలు నిల్వ అయితది, తీసెయ్యనీకె పనికొస్తది. ఆ నిల్వ ఎంతనో చూపే కాగితం లేకపోతే ఆ తీసివేత కూడా పాయె.

రెండు కంపెనీలల్ల ఖాతాలుంటే ఒకదాంట్ల 30,000 పోయింది, ఇంకోదాంట్ల 30,000 వచ్చింది, సరికి సరి అని మనకు అనిపిస్తది. కాదు. ఈ లెక్క ఏ కంపెనీకి ఆ కంపెనీ. పోయినకాడ సున్నా, వచ్చినకాడ 30,000 మీద పన్ను. ఒకే కంపెనీ కింద రెండు ఖాతాలుంటే మాత్రం కలిపి చూస్తరు.

బోనస్ కూడా మోసం చేస్తది. మీరు జేబులకెల్లి ఏసిందే తీసివేతకు వస్తది. అప్పు తెచ్చి ఏసినా మీరు ఏసినట్టే. కంపెనీ ఇచ్చిన బోనస్ మీరు ఏసినట్టు కాదు. 2023 అక్టోబర్ నుంచి 28 శాతం జీఎస్టీ పడ్డంక ఇది ఇంకా కలగాపులగం అయింది. బ్యాంకులకెల్లి 10,000 పోతది, అందుల జీఎస్టీ పోతది, ఆ లోటు కొన్ని ఆప్‌లు బోనస్ ఇచ్చి పూడుస్తయ్. ఆప్‌ల ఒక అంకె, బ్యాంకుల ఇంకో అంకె. గందుకని రెండూ ఉంచుకోవాలె, ఒక్కటి చాలదు.

ఇగ ఏం దాచుకోవాలె? అన్నిటికన్న ముందు కంపెనీ ఇచ్చే ఖాతా చిట్టా, మొదటి దినం నుంచి ఆఖరి దినం దాక. ఆప్ తెరుచుకుంటే ఇయ్యాల్నే దింపుకోండ్రి. తెరుచుకోకపోతే మీరు నమోదైన మెయిల్ నుంచే కంపెనీకి రాసి అడగండ్రి. జవాబు రాకున్నా, ఫలానా తారీఖున అడిగిన అనే సాక్ష్యం మీ దగ్గర ఉంటది. కొలువు చేసెటోళ్లకు ఈడ ఒక ప్రత్యేక గండం ఉన్నది. ఆఫీసు మెయిల్‌తోని ఆప్‌ల చేరినోళ్లు ఉన్నరు, కొలువు మారితే ఆ మెయిల్ పాయె. జీతం ఖాతా కూడా అంతే, కొత్త కంపెనీ కొత్త బ్యాంకు అంటది, పాతది మూసేస్తరు. మూసే ముందు ఏండ్ల వారీగ స్టేట్‌మెంట్ పీడీఎఫ్ తీసుకోవాలె.

కంపెనీ చిట్టా దొరకకపోతే బ్యాంకు స్టేట్‌మెంటే దిక్కు. యూపీఐల పోయిన ప్రతి పైసకు 12 అంకెల రిఫరెన్స్ నంబర్ ఉంటది, తారీఖు ఉంటది, ఎవరికి పోయిందో ఉంటది. ఏసింది, తీసింది దాంతోని కట్టొచ్చు. బ్యాంకుకు తెల్వనియ్ బోనస్, మార్చి 31 నిల్వ, పట్టుకున్న పన్ను. పన్ను సంగతి 26ఏఎస్‌ల తారీఖుతోని ఉంటది, ఫారం 16ఏల ఉంటది. నిల్వకు మాత్రం ఆ రాత్రి తీసిన స్క్రీన్‌షాట్ లేదంటే కంపెనీ మెయిల్ తప్ప వేరే తొవ్వ లేదు. స్క్రీన్‌షాట్‌ల ఖాతా నంబరు, తారీఖు కనబడాలె, ఉత్త అంకె కనబడితే అది ఎవరిదో ఎప్పటిదో ఎవరికి తెలుసు?

సొంతంగ రాసుకునే నోటు పుస్తకం మంచిదే, గానీ ఒక్క రాత్రి కూసోని మూడేండ్లది రాస్తే దొరికిపోతది. అన్నీ గుండు సున్నాల అంకెలు, ఒక్క రిఫరెన్స్ నంబర్ ఉండదు, బ్యాంకుతోని పెడితే తారీఖులు రెండు మూడు దినాలు అటు ఇటు పోతయ్. రాసుకునేదుంటే తారీఖు, ఏ ఆప్, ఏసింది తీసింది, రిఫరెన్స్ నంబర్, ఆ తర్వాత నిల్వ, గివి చాలు. దోస్తు ఫోన్లకెల్లి పైసలు ఏపిస్తే ఆనికి వాపస్ ఇచ్చిన నంబర్ కూడా పక్కకు రాయాలె, లేకపోతే అది మీరు ఏసిందని చూపలేరు.

రిటర్ను కాడ జీతగాళ్లు చేసే తప్పు, ఫారం 16 చూసి ఐటీఆర్-1 ఏసుడు. ఈ గెలుపులు ఉన్నోళ్లకు అది చెల్లదు, ఐటీఆర్-2 ఏయాలె. ఆ ఫారమే గెలుపు జూన్ 15 లోపా, సెప్టెంబర్ 15 లోపా అని కాలాల వారీగ అడుగుతది. ముందస్తు పన్ను వడ్డీకి ఆ లెక్క. "12 లక్షల దాక పన్ను లేదు గదా" అనే ధీమా కూడా వద్దు, కొత్త విధానంల ఆ రాయితీ ఈ గెలుపుకు వర్తించది. మన నల్లగొండ పిలగాడు గెలుపు సున్నా అని చూపి 15,000 వాపస్ అడిగితే, 26ఏఎస్‌ల 50,000 ఉన్నది ఏంది అని అడిగే అవకాశం మస్తు ఉన్నది. అప్పుడు చిట్టా, బ్యాంకు స్టేట్‌మెంటు, రూలు ప్రకారం ఏసిన లెక్క ఒక్క కాగితం, మూడూ పంపాలె. వాపస్ తేలికగ రాదు, తిప్పుకుంటరు. మొత్తం పెద్దగ ఉంటే సీఏ ఫీజు దండుగ కాదు.

మలక్‌పేట గుర్రప్పందేల లెక్క వేరే. అది ఇప్పటికీ నడుస్తున్నది. ఆడ ఏడాది నికర లెక్క లేదు, ఓడిన టికెట్లు పన్ను తగ్గించయ్. అయినా తారీఖున్న టికెట్టు, చెల్లింపు చీటీ, టీడీఎస్ కాగితం దాచాలె. ఎందుకంటే రేసుల గెలిచిన నగదు లక్ష తెచ్చి జీతం ఖాతాల ఏసినోడు, అది ఏడిదో చూపలేకపోతే 2024-25 లెక్కల్ల అది లెక్క చెప్పని పైస అయితది. దాని మీద పన్ను 60 శాతం, సర్‌చార్జి, సెస్సు కలిపి 78 శాతం. చీటీ చూపినోనికి 31,200, చూపనోనికి 78,000.