ఫిర్యాదు అందిన రోజే చాట్‌ను భద్రపరచాలి

ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగిని మీద ఆఫీసు చాట్‌లో సాగే లైంగిక వేధింపు కూడా 2013 నాటి పోష్ చట్టం కిందికే వస్తుంది. ఆ చట్టంలో పనిప్రదేశమంటే నివాస గృహం కూడా. చిక్కు చట్టం పరిధిలో లేదు, సాక్ష్యం ఆయుష్షులో ఉంది. ఘటన జరిగిన 3 నెలల లోపు ఫిర్యాదు చేయవచ్చు; తగిన కారణముంటే అంతర్గత కమిటీ మరో 3 నెలలు గడువిస్తుంది. కానీ సంస్థ సెట్టింగు మార్చకపోతే మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో మీటింగ్ రికార్డింగు 120 రోజులకు దానంతటదే తొలగిపోతుంది. వీడియో కాల్‌లో కెమెరా ముందున్న ఉద్యోగిని ఒంటి గురించి మేనేజరు అసభ్యంగా మాట్లాడాడనుకుందాం. ఉద్యోగం పోతుందేమోనని తటపటాయించి ఆమె 85వ రోజున ఫిర్యాదు చేసింది. దాని ప్రతిని అతనికి పంపడానికి 7 పనిదినాలు, అతని జవాబుకు 10 పనిదినాలు. సెలవులు కలుపుకుంటే 108వ రోజు దాటుతుంది. తొలి విచారణ తేదీ ఖరారయ్యేలోపే రికార్డింగు మాయమైపోవచ్చు. ఎవరూ కుట్ర చేయనక్కర్లేదు, క్యాలెండరే ఆ పని చేసిపెడుతుంది.

అందుకే ఫిర్యాదు అందిన రోజే కమిటీ ఐటీ విభాగానికి లిఖిత ఆదేశం ఇవ్వాలి: ఇద్దరి ఖాతాల్లోని చాట్లు, రికార్డింగులు, ఆ కాల్‌లో ఎవరెవరు ఎప్పటిదాకా ఉన్నారో చూపే హాజరు నివేదిక చెరిగిపోకుండా ఆపాలి. పత్రాలు తెప్పించుకోవడంలో సివిల్ కోర్టుకున్న అధికారం సెక్షన్ 11 కమిటీకి ఇచ్చింది, వాడుకోవడమే తరువాయి. కాల్‌ను అసలు రికార్డు చేయకపోతే హాజరు నివేదికే సాక్షుల జాబితా అవుతుంది. అన్న మాటలు, తేదీ, సమయంతో బాధితురాలు ఆ రోజే రాసి దాచుకున్న ఈమెయిల్‌కు అక్కడ విలువ పెరుగుతుంది.

ఇది ఉద్యోగులందరిపై నిఘాకు దారితీస్తుందన్న అభ్యంతరం కొట్టిపారేయదగింది కాదు. అయితే మేము ప్రతి కాల్‌నూ రికార్డు చేయమనడం లేదు. ఉన్నదాన్ని, ఫిర్యాదుకు సంబంధించినంత మేరకే, చెరపొద్దంటున్నాం. సెక్షన్ 16 కింది గోప్యత దానికీ వర్తించాలి. స్క్రీన్‌షాట్లను సృష్టించవచ్చు కదా అంటారు కొందరు. నిజమే, సర్వర్‌లోని అసలు ప్రతి కావాలనడానికి కారణం అదే. కేసు కోర్టు దాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం, హాష్ విలువ అవసరమవుతాయి. ఫోన్‌తో తీసిన ఫొటో కంటే సంస్థ దాచిన ప్రతి అక్కడ గట్టిగా నిలబడుతుంది, అన్యాయంగా ఆరోపణకు గురైన వ్యక్తిని కాపాడేదీ అదే.

ఇక అనుమతి లేకుండా రికార్డు చేసిందంటూ ఫిర్యాదీకే నోటీసు ఇవ్వడం ఎదురు వేధింపు. తనపై జరుగుతున్నదానికి రుజువుగా దాచుకుని కమిటీకి మాత్రమే అందించిన రికార్డింగును క్రమశిక్షణ చర్యల నుంచి మినహాయించాలి. చెరిపివేత ఆపడాన్నీ, ఈ మినహాయింపునూ కేంద్రం 2013 నాటి నిబంధనల్లోనే చేర్చాలి. అప్పటిదాకా హైదరాబాద్ ఐటీ సంస్థలు తమ సొంత పోష్ విధానంలో ఆ రెండు వాక్యాలు రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.