పక్క గదికి పంపే బయోడేటా

కొత్త కంపెనీకి దరఖాస్తు పెడితే మనమెవరో అక్కడివాళ్లకు తెలీదు. రెజ్యూమెలో ఏది రాస్తే అదే మనం. సొంత కంపెనీలోనే ఇంకో విభాగానికి మారాలనుకున్నప్పుడు చిక్కు వేరుగా ఉంటుంది. వాళ్లకు మనం తెలుసు... లేదా తెలుసని అనుకుంటారు. ‘ఆయనా? ఫీల్డు మనిషి కదా’ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. పాత బయోడేటానే తేదీ మార్చి ఇచ్చేస్తే ఆ మాటను మనమే ఖాయం చేసినట్టవుతుంది.

పైగా, బయట కంపెనీలో ఉద్యోగం రాకపోతే ఆ సంగతి మనింట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఇక్కడ అలా కాదు. రాకపోయినా మర్నాడు అదే క్యాంటీన్‌లో, అదే మనుషుల పక్కన కూర్చుని టీ తాగాలి. గొప్పలు రాసుకుని దొరికిపోతే ఆ టీ ఇంకా చేదు!

ఆడ–మగ వరి దగ్గర్నుంచి...

హుజూరాబాద్ వైపు వెళ్లినవాళ్లకు ఈ ఉదాహరణ తేలిగ్గా అర్థమవుతుంది. హుజూరాబాద్, జమ్మికుంట, వీణవంక చుట్టుపక్కల యాసంగిలో హైబ్రిడ్ వరి విత్తనం పండిస్తారు. రైతులు దాన్ని ‘ఆడ–మగ వరి’ అంటారు. కొన్ని వరుసలు మగ వరి, వాటి పక్కన ఎక్కువ వరుసలు ఆడ వరి. పూతప్పుడు తాడు లాగి మగ పుప్పొడిని ఆడ వరుసల మీదికి దులుపుతారు. ఆడ వరుసల మీద వచ్చిన గింజే విత్తనం. కంపెనీల తరఫున ఊళ్లు తిరిగి ఈ పంటను చూసుకునే ఫీల్డు ఉద్యోగులు ఇక్కడ చాలామందే ఉన్నారు.

అలాంటి ఒక ఉద్యోగిని తీసుకుందాం. ఐదు యాసంగులు బండి మీద ఊళ్లు తిరిగాడు. ఇప్పుడు అదే కంపెనీ క్వాలిటీ విభాగంలో ఖాళీ పడింది. మనిషీ, అతని లెక్కలూ ఉదాహరణ కోసం మనం అనుకున్నవే. పని మాత్రం ఈ పొలాల్లో జరిగేదే.

అతను మొదట రాసుకున్నది ఇదీ:

‘హైబ్రిడ్ వరి ఉత్పత్తిలో ఐదేళ్ల అనుభవం. 150 ఎకరాల పర్యవేక్షణ. రైతులతో సత్సంబంధాలు. క్వాలిటీని 67 శాతం మెరుగుపరిచాను.’

మొదటి మూడు వాక్యాలూ నిజమే. కానీ అవి అతని పాత ఉద్యోగానికి రాసిన అర్హతలు. క్వాలిటీ మేనేజరుకు 150 ఎకరాలతో పని లేదు. ఇక నాలుగో వాక్యం చదివితే ఆయన నవ్వుకుంటాడు. ధ్రువీకరించిన హైబ్రిడ్ వరి విత్తనానికి జన్యు స్వచ్ఛత కనీసం 95 శాతం ఉండాలని నిబంధన. అలాంటి చోట క్వాలిటీ 67 శాతం పెరగడమంటే ఏమిటి? అసలు సంగతేమంటే, పరీక్షలో ఆగిపోయిన లాట్లు ఒక ఏడాది 6, మరుసటి ఏడాది 2. ఆ తేడాను అతను శాతంగా మార్చి గొప్పగా చూపించాడు. బయట కంపెనీలో ఇది చెల్లిపోతుందేమో. ఇక్కడ ఆ 6, 2 ఉన్న రిజిస్టరు క్వాలిటీ మేనేజరు టేబుల్ మీదే ఉంటుంది.

ఆ రిజిస్టరే బలం

లోపలి బదిలీ రెజ్యూమెకు ముఖ్యసూత్రం ఇక్కడే ఉంది. మీరు రాసే అంకె ఏ విభాగానికి వెళ్లాలనుకుంటున్నారో ఆ విభాగం దగ్గర కూడా ఉండాలి. వాళ్లు సరిచూసుకోగలిగిన అంకె చిన్నదైనా సరే, సరిచూసుకోలేని పెద్ద అంకెకన్నా ఎక్కువ విలువ చేస్తుంది.

మనవాడి విషయంలో ఆ 6 లాట్ల వెనక ఒక కథ ఉంది. విత్తనం స్వచ్ఛత తేల్చడానికి గ్రో అవుట్ టెస్టు చేస్తారు. ప్రతి లాటు నుంచీ శాంపిల్ తీసి పొలంలో నాటి, మొక్కలు ఈనే దాకా చూసి, తేడాగా ఉన్నవాటిని లెక్కపెడతారు. 2022–23 యాసంగిలో అతని ఊళ్ల నుంచి వెళ్లిన 54 లాట్లలో 6 ఆగిపోయాయి. ఫీల్డువాళ్లంతా ‘కేళీలు సరిగా తీయలేదట’ అని సరిపెట్టుకున్నారు. మనవాడు టెస్టు ప్లాటుకు వెళ్లి ఒక్క ప్రశ్న అడిగాడు.

“సార్, తేడా మొక్కలు ఎట్లున్నయి?”

ఆ ప్రశ్న చిన్నదే కానీ విలువైనది. వేరే రకాలు కలగలిసినట్టు మొక్కలు రకరకాలుగా ఉంటే, పక్క పొలం పుప్పొడి పడిందనో కేళీలు మిగిలాయనో అనుమానించాలి. అవన్నీ ఒకే తీరుగా, మగ వరిలాగే ఉంటే తప్పు పూతప్పుడు జరగలేదు, కోతప్పుడు జరిగింది. మగ వరుసలను ముందే కోసి బయటికి తీసేయాలి. ఆడ వరుసల మధ్య పడిపోయిన మగ కంకులు ఏరాలి. ఆ తర్వాతే ఆడ వరి కోయాలి. కోత మిషన్‌లో అంతకుముందు కోసిన గింజలు మిగిలిపోయినా కల్తీ జరిగినట్టే.

ఆరింటిలో నాలుగు లాట్లలో కనిపించినవి మగ మొక్కలేనని క్వాలిటీ వాళ్లు చెప్పారు. అతను తన డైరీ తీసి ఆ నాలుగు పొలాల కోత తేదీలు చూశాడు. నాలుగూ ఒకే వారంలో, ఒకే మిషన్ కోసింది. ఆ మరుసటి యాసంగిలో ఒక పద్ధతి పెట్టాడు. మగ వరుసలు తీశాక పొలమంతా మళ్లీ నడిచి చూడటం, మిషన్ ఖాళీ చేసి శుభ్రం చేశాక ఒక కార్డు మీద సంతకం పెట్టడం, ఆ కార్డు నకలు బస్తాలతోపాటు ప్లాంటుకు పంపడం. 2023–24లో 57 లాట్లలో 2 మాత్రమే ఆగాయి.

ఒక విభాగం చూసినదాన్ని మరో విభాగం దగ్గర ఉన్న సమాచారంతో కలిపి చూడటం అంటే ఇదే. బయటి నుంచి వచ్చే కొత్త మనిషికి పొలంలో మిషన్ ఎవరిదో, డైరీ ఎక్కడుందో, ప్లాంటులో ఎవరిని అడగాలో తెలియదు. ‘నాకు కంపెనీ గురించి బాగా తెలుసు’ అని రాయక్కర్లేదు. ఈ కథ రాస్తే చాలు, చదివినవాళ్లే అనుకుంటారు.

ఇప్పుడు కాగితం మీద

ఒక్క పేజీ చాలు. పైన పేరు, ఉద్యోగి నంబరు, ప్రస్తుత హోదా, ఎప్పటి నుంచి, అడుగుతున్న పోస్టు. తండ్రి పేరు, శాశ్వత చిరునామా, పదో తరగతి మార్కులు ఎలాగూ హెచ్‌ఆర్ ఫైల్లో ఉంటాయి కాబట్టి ఆ జాగా మిగిలినట్టే. ఆ తర్వాత అసలు వాక్యాలు:

‘2022–23 యాసంగిలో నా పరిధిలోని 54 లాట్లలో 6 గ్రో అవుట్ టెస్టులో ఆగాయి. వాటిలో 4 లాట్లలో ఉన్నవి మగ మొక్కలని క్వాలిటీ విభాగం గుర్తించింది. కోత తేదీలతో సరిచూసి, కారణం ఒకే కోత మిషన్ దగ్గర ఉండవచ్చని చూపించాను. మిషన్ శుభ్రతకు కార్డు పద్ధతి మొదలుపెట్టాను. లోడు దించే ముందు ఆ కార్డును ప్లాంటు సిబ్బంది తనిఖీ చేశారు. 2023–24లో 57 లాట్లలో 2 ఆగాయి. వాటిలో మగ మొక్కల కల్తీ లేదు.’

ఇందులో ఎవరి పని వాళ్లకే ఉంది చూడండి. గుర్తించింది క్వాలిటీ, తనిఖీ చేసింది ప్లాంటు, రెంటినీ కలిపింది ఇతను. ‘అంతా నేనే చేశాను’ అని రాసి ఉంటే ఇంటర్వ్యూ బోర్డులో కూర్చున్న క్వాలిటీ మేనేజరుకు అక్కడే మనసు విరిగేది. ‘కారణం ఉండవచ్చని’ అన్న మాట కూడా కావాలనే రాసింది. ఒక్క ఏడాది ఫలితం ఇది. వాతావరణం మారింది, కొందరు రైతులు మారారు. ఆ సంగతి క్వాలిటీ వాళ్లకు మనకన్నా బాగా తెలుసు. మొత్తం మన ఘనతే అని రాస్తే, కొలతలతో పనిచేసే విభాగానికి పనికిరామని మనమే చెప్పుకున్నట్టు.

రెండో జాగ్రత్త భాషది. ప్రతి విభాగానికీ దాని సొంత పొట్టి పేర్లు, కోడ్‌లు ఉంటాయి. ఫీల్డువాళ్ల ఊరి కోడ్‌లు ప్లాంటులో ఎవరికీ అర్థం కావు. వాటిని విడమరిచి రాయండి. ఆడ, మగ రకాల రహస్య కోడ్‌లు మాత్రం అసలే వద్దు. లోపలి కాగితం కదా అనుకుంటాం. రేపు అదే ఫైలు బయటికి పంపే రెజ్యూమెగా మారొచ్చు.

లేనిది లేదని రాయండి

మనవాడు ఎప్పుడూ ల్యాబ్‌లో పని చేయలేదు. వరి మొలక పరీక్షకు 400 గింజలు వందేసి చొప్పున పెట్టి, చివరి లెక్క 14వ రోజు చూస్తారని విన్నాడు, చేయలేదు. దాచినా ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది. అందుకే ఆఖర్లో ఒక వాక్యం: ‘మొలక, తేమ పరీక్షలు స్వయంగా చేయలేదు. కోతలు అయ్యాక రెండు వారాలు ల్యాబ్‌లో నేర్చుకోవడానికి సిద్ధం.’ అయితే ఒక పరిమితి ఉంది. పోస్టుకు ఫలానా డిగ్రీ తప్పనిసరి అని నోటీసులో ఉంటే ఎంత మంచి రెజ్యూమె అయినా దాన్ని దాటించలేదు. ప్రస్తుత సీట్లో ఇన్నాళ్లు పనిచేసి ఉండాలన్న నిబంధన కూడా చాలా కంపెనీల్లో ఉంటుంది. రాయడం మొదలుపెట్టకముందే ఈ రెండూ హెచ్‌ఆర్‌ను అడగండి.

ఇక మిగిలింది బాస్. కాగితం ఆయనకన్నా ముందు పక్క విభాగానికి చేరితే, ఆయన చెవిన అది ఇంకొకరి నోటితో పడుతుంది. ఆ తర్వాత మీ గురించి ఫోన్ చేసి అడిగితే ఆయన ఏం చెబుతారో ఊహించుకోవచ్చు. ముందుగా వెళ్లి చెప్పండి.

“సార్, క్వాలిటీల పోస్టు పడ్డది. పెట్టుకుందామనుకుంటున్న.”

“మరి నా పూత టైముకు ఎవరొస్తరయ్యా?”

ఆయన అడిగేది నిజమైన ప్రశ్నే. ఫిబ్రవరి, మార్చిల్లో పూత మీద ఉన్న పొలాలను వదిలి ఫీల్డు మనిషి వెళ్లిపోతే ఆ సీజను నష్టమే. జవాబు కూడా రెజ్యూమెలో ఒక వాక్యంగా ఉండాలి: ‘మే నెలలో కోతలు పూర్తయ్యాక మారగలను. రైతులవారీ ఫైళ్లు, బాకీల జాబితా, ఊరివారీ డైరీలు కొత్తగా వచ్చేవారికి అప్పగిస్తాను.’ పాత విభాగం మీద అసంతృప్తి, బాస్ మీద కోపం, తిరిగి తిరిగి అలసిపోయానన్న మాట... ఇవేవీ ఈ కాగితం మీదికి రాకూడదు. ఎందుకు వెళ్తున్నారో అడిగితే ఆ నాలుగు లాట్ల కథే చెప్పండి.

ఇచ్చేముందు ఒక పరీక్ష చేసుకోండి. రాసిన ప్రతి వాక్యం పక్కనా పెన్సిల్‌తో ఒక పేరు రాయండి: ఇది నిజమేనా అని అడిగితే ‘అవును’ అనే మనిషి పేరు, మీ విభాగం వెలుపలి మనిషి పేరు. మనవాడి కాగితంలో ఒకచోట టెస్టు ప్లాటు చూసే ఆయన పేరు, ఇంకోచోట ప్లాంటులో లోడు దించుకునే ఆయన పేరు పడతాయి. ‘రైతులతో సత్సంబంధాలు’ పక్కన మాత్రం ఏ పేరూ పడలేదు. అతను ఆ వాక్యం కొట్టేశాడు.