ఇల్లు ఆమె పేరు మీద, వంటగద్దె మేస్త్రీ అందాజ మీద

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు ఏ ఊరికి పోయినా ఇప్పుడు ఒకటే ముచ్చట. ఇందిరమ్మ ఇల్లు ఎవరికొచ్చింది, ఎక్కడిదాకా లేసింది, బిల్లు పడ్డదా లేదా. సొంత జాగ ఉన్నోళ్లకు సర్కారు ఐదు లక్షలు దశలవారీగా ఇస్తున్నది. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గొద్దు, వంటిల్లు ఉండాలె, ఇల్లు ఆడమనిషి పేరు మీదనే మంజూరు కావాలె. బేస్‌మెంట్ అయితే ఫొటో, గోడలు లేస్తే ఫొటో, స్లాబ్ పడితే ఫొటో. అన్నీ కొలుస్తరు, అన్నీ యాప్‌ల ఎక్కిస్తరు.

కొలవనిది ఒక్కటే. ఆ ఇంటామె రోజుకు నాలుగైదు గంటలు ముందర నిలబడే వంటగద్దె ఎత్తు. కొందరు గట్టు అంటరు, కొందరు ప్లాట్‌ఫాం అంటరు. స్లాబ్ పడ్డంక, చేతుల పైసలు అయిపోవస్తున్నప్పుడు, మేస్త్రీ తన అందాజతోని నాలుగు వరుసల ఇటుక పెట్టి పైన కడప బండనో గ్రానైటో పరుస్తడు. ఆయన ఎత్తు ఐదున్నర అడుగులు. వండే ఆమె ఎత్తు ఐదడుగులు. ఆ అర్ధ అడుగు తేడా ముప్పై ఏండ్లు ఆమె నడుము మీద పడుతది.

కేంద్ర సర్కారు 2024ల చేసిన టైం యూజ్ సర్వే లెక్క చూడండి. ఇంటిపని చేసే ఆడోళ్లకు దానికే రోజుకు సగటున 289 నిమిషాలు పోతున్నయి. చేసే మగోళ్లకు 88 నిమిషాలు. వంట ఒక్కటే కాదు, ఊడ్చుడు, తోముడు, ఉతుకుడు అన్నీ అండ్లనే ఉన్నయి. అయినా మన దగ్గర పొద్దుగాల కూలికి పోయే ముందర ఒకసారి, మాపటికి వచ్చినంక ఒకసారి పొయ్యి కాడ నిలబడక తప్పదు.

ఇట్ల నిలబడుడు మన పల్లెలల్ల పాత సంగతేం కాదు. మన అవ్వలు పీటేసుకుని కట్టెల పొయ్యి ముందర కూసొనే జొన్నరొట్టెలు కొట్టిన్రు. ఉమ్మడి రాష్ట్రంల 1999ల దీపం పథకం వచ్చింది, 2016ల ఉజ్వల వచ్చింది, గ్యాసు ఇంటింటికీ చేరింది. పొగ పోయింది, అది మంచిదే. గ్యాసు కంపెనీల నియమం ప్రకారం పొయ్యి సిలిండర్ కంటే పైనుండాలె, సిలిండరేమో రెండడుగుల పైన ఎత్తుంటది. అందుకే పొయ్యి గద్దె ఎక్కింది, దాని ఎనుక మనిషి లేసి నిలబడింది. కానీ వంట మారలే. అదే జొన్నపిండి, అదే రొట్టె, అదే అరచేతి బలం. కూసొని చేసే పనిని నిలబడి చేయమన్నం, ఏ ఎత్తుల చేయాల్నో మాత్రం ఎవ్వరం చెప్పలే.

ఎత్తుకు కొలత మోచెయ్యి. చెప్పుల్లేకుండా సక్కగ నిలబడి చెయ్యి మడిస్తే నేల నుంచి మోచేతి దాకా ఎంతుందో అదే అసలు లెక్క. కూరగాయలు కోసుడు లాంటి తేలికపని మోచేతికి నాలుగంగుళాలు కింద జరిగితే భుజం, నడుము రెండూ నిమ్మళంగ ఉంటయి. పిండి పిసుకుడు, రొట్టె కొట్టుడు పైనుంచి బలం పెట్టే పనులు. వాటికి ఎనిమిది, తొమ్మిది అంగుళాలు కింద ఉండాలె. అంటే ఒక్క ఎత్తు అన్ని పనులకూ సరిపోదు.

ఐదడుగుల మనిషినే తీసుకుని లెక్కేద్దం. మన దేశంల ఆడోళ్ల సగటు ఎత్తు ఆ దగ్గర్నే ఉంటది. ఆమె మోచెయ్యి సుమారు 37 అంగుళాల కాడ వస్తది. కోసే పనికి గద్దె 33 అంగుళాలు ఉంటే సరిపోతది. ఇగ అదే గద్దె మీద పొయ్యి పెట్టండి. పొయ్యి ఐదంగుళాలు, దాని మీద గిన్నె ఏడంగుళాలు. గిన్నె అంచు 45 అంగుళాల కాడికి పోయింది, ఆమె మోచేతి కంటే ఎనిమిదంగుళాలు పైకి. కూర కలిపినప్పుడల్లా భుజం లేపాలె, చెయ్యి గాలిల ఆపాలె. సాయంత్రానికి మెడ, భుజం గుంజుతయి. అక్కడనే పళ్లెం పెట్టి రొట్టె కొడితే బలం దిగదు, మునివేళ్ల మీద లేసి కొట్టాలె.

పొయ్యి భాగం 28 అంగుళాలకు దించితే గిన్నె అంచు 40 దగ్గరికి వస్తది, పెనమైతే 33 కాడనే ఉంటది. రొట్టె కొట్టే పళ్లెం కూడ ఆ పక్కనే, ఆ 28 మీదనే పెట్టొచ్చు. సిలిండర్ కంటే పొయ్యి పైనుండాలన్న నియమం కూడ తప్పదు. సిలిండర్‌ను మాత్రం కింద ఇరికించకుండా, గాలాడేతట్టు పక్కకు నిలబెట్టాలె. అంటే గద్దె రెండు మెట్లు కావాలె. ఒకటి 33, ఇంకొకటి 28. ఒక బండను రెండు ముక్కలు చేసి, ఒక దిక్కు ఇటుక వరుసలు తగ్గిస్తే అయిపోతది. దీనికి పెద్ద ఖర్చేం లేదు.

గద్దె మరీ కిందికున్నా కష్టమే. 1960లల్ల స్వీడన్ డాక్టర్ నాచెమ్సన్ మనుషుల వెన్నుపూసల నడుమ ఉండే డిస్కుల్లకు సూది పంపి ఒత్తిడి కొలిచిండు. సక్కగ నిలబడ్డప్పుడు 100 అనుకుంటే, కొంచెం ముందటికి వంగి నిలబడితే 150 దాకా పోయింది. మన ఇండ్లల్ల ఎక్కువ వంగేది సింకు కాడ. గద్దె 33 ఉన్నా సింకు అడుగు ఎనిమిదంగుళాలు లోపలికుంటది, అంటే గిన్నెలు తోమే చేతులు 25 అంగుళాల కాడ పని చేస్తున్నట్టు. సింకుల ఒక చిన్న స్టాండో, బోర్లించిన టబ్బో పెట్టి దాని మీద తోమితే నాలుగైదు అంగుళాల వంపు తప్పుతది.

మేస్త్రీతోని మాట్లాడేటప్పుడు రెండు సంగతులు యాదిపెట్టుకోండి. ఒకటి, గద్దె కట్టేటప్పుడు కింద షాబాద్ బండలో టైల్సో ఇంకా పడి ఉండయి. అవి పడితే సిమెంటుతోని కలిపి నేల రెండు మూడు అంగుళాలు పైకొస్తది, గద్దె అంత తగ్గుతది. అందుకే "బండలు పడ్డంక ఇంత ఎత్తు ఉండాలె" అని చెప్పి గోడ మీద గీత గీయించాలె. రెండోది, గద్దె కింద పాదం ముందర భాగం పోయేటంత సందు ఉండాలె. కిందిదాకా గోడ కట్టి మూసినా, సందుల బియ్యం సంచులు నింపినా పాదం ఆగిపోతది. అప్పుడు మనిషి దూరం నిలబడి ముందటికి వంగుతది.

ఇగ కాళ్ల సంగతి. ఎత్తు సరిగున్నా కాళ్లు నొస్తయి, ఎందుకంటే కింద ఉన్నది బండ. నడిచేటప్పుడు పిక్క కండ బిగుస్తది, వదులైతది, కాళ్లల్ల నెత్తుర్ని పైకి నూకుతది. ఒక్కకాడనే నిలబడితే ఆ పని జరగదు, పాదాలు బరువెక్కి ఉబ్బుతయి. పొద్దుగాల మంచం దిగి మొదటి నాలుగడుగులేస్తే మడమల మొల దిగినట్టు నొచ్చి, కాసేపు తిరిగినంక తగ్గితే, అది మడమ కింది పట్టీ వాచుడు. గట్టి నేల మీద వట్టి కాళ్లతోని గంటలకొద్దీ నిలబడుడు దాన్ని పెంచుతది.

చెప్పులేసుకుంటే అయిపోతది కదా అంటరు. కానీ మన ఇండ్లల్ల దేవుని పటాలు, దీపం చానామందికి వంటింట్లనే ఉంటయి. అక్కడ చెప్పులంటే అత్త ఊకోదు, ఆమెకే మనసొప్పదు. ఆ మనసును ఎగతాళి చేయొద్దు. గడప దాటని కొత్త జత ఒకటి వంటింటికే పెడితే కొందరిండ్లల్ల ఒప్పుకుంటరు. అరిగిన హవాయి చెప్పు పనికిరాదు. అడుగు మందంగ, బొటనవేలుతోని ఒత్తితే కొంచెం దిగి మళ్లీ లేసేటట్టు ఉండాలె. నడుమల మడిస్తే బట్టలెక్క మడత పడొద్దు, మడమ దిక్కు కొంచెం ఎత్తుండాలె, ఎనుక పట్టీ ఉంటే ఇంకా మంచిది. షుగర్ ఉన్నోళ్లకు డాక్టర్లు రాసే ఎంసీఆర్ మెత్త చెప్పులు ఈ పనికి బాగుంటయి. షుగరొచ్చి పాదాలకు స్పర్శ తగ్గినామె అయితే వట్టి కాళ్లతోని వంట చేయనే వద్దు, వేడి నూనె పడ్డా తెల్వదు.

చెప్పులకు ఒప్పుకోకుంటే పొయ్యి ముందర మందపాటి రబ్బరు మ్యాట్ వేయండి, జారనిది కావాలె. మడతబెట్టిన బొంత, గోనెసంచి తడి బండ మీద జారుతయి, వేడి గంజి చేతులున్నప్పుడు అది ప్రమాదం. నాలుగంగుళాల పీట ఒకటి కింద పెట్టి ఒక్కో కాలు మార్చి మార్చి దాని మీద పెడితే నడుము వంపు వదులైతది. కూరగాయలు కోసుడు, బియ్యం ఏరుడు, ఎల్లిపాయలు ఒలుచుడు కుర్చీల కూసొని చేసేవే. ఇవన్నీ చేసినా నొప్పి పిరుదు నుంచి కాలిలోకి దిగుతుంటే, కాలు తిమ్మిరెక్కి బలం తగ్గితే, ఒక్క పిక్కనే ఉబ్బితే దవాఖానకు పోవాలె. మూత్రం ఆపుకోలేని స్థితి వస్తే అదే రోజు పోవాలె. అది గద్దెతోని తీరేది కాదు.

సర్కారు కట్టించే ఇండ్లల్ల ఇసొంటివి ఎవరు చూస్తరు అనుకోవద్దు. జర్మనీల ఫ్రాంక్‌ఫర్ట్ నగరం 1926 నుంచి కార్మికులకు ఇండ్లు కట్టించినప్పుడు, మార్గరెట్ షూటె-లిహోట్స్కీ అనే మహిళా ఆర్కిటెక్ట్ వంటింటిని గీసింది. కిటికీ ముందర కూసొని పనిచేసేటట్టు బల్ల పెట్టింది, ఎత్తు మార్చుకునే స్టూలు ఇచ్చింది. అసొంటి వంటిండ్లు దగ్గర దగ్గర పది వేలు కట్టిన్రు. నూరేండ్ల కిందట ఒక మున్సిపాలిటీ చేసిన పని, ఇయ్యాల మనకు చేతకానిదేం కాదు.

అడిగేది చిన్నది. మండలాలల్ల కట్టే మోడల్ ఇంట్ల రెండు మెట్ల గద్దె పెట్టాలె. హౌసింగ్ ఏఈ ఇచ్చే కొలతల కాయితంల "గద్దె ఎత్తు: ఇంటామె మోచేతి లెక్క" అని ఒక వరుస రాయాలె. ముఖ్యమంత్రి సొంతూరు కొండారెడ్డిపల్లి నాగర్‌కర్నూల్ జిల్లాలనే ఉన్నది, మొదలుపెడితే ఇక్కడి నుంచే పెట్టొచ్చు.

అంతదాకా ఆగే పని లేదు తమ్ముళ్లూ, చెల్లెండ్లూ. మీ ఊర్ల స్లాబ్ పడ్డ ఇల్లు ఉంటే ఒక టేపు పట్టుకుని పోండి. ఇంటామెను గోడకు నిలబెట్టి మోచేతి కాడ బొగ్గుతోని గీత గీయండి. దానికి నాలుగంగుళాలు కింద ఒకటి, తొమ్మిదంగుళాలు కింద ఇంకొకటి. మేస్త్రీకి ఆ రెండు గీతలు చూపెట్టండి. మీ ఇంట్ల గద్దె ఎప్పుడో కట్టేసి ఉంటే, రేపు పొద్దుగాల రొట్టెలు మీరే కొట్టి చూడండి. నాలుగో రొట్టెకు నొప్పి ఎక్కడ మొదలైతదో మీకే తెలుస్తది.