హంతకుణ్ని కాదు, వెలుగును వెతకండి

నలభైలు, యాభైల నాటి హాలీవుడ్ నలుపు-తెలుపు క్రైమ్ సినిమాలను కొత్తగా చూసేవాళ్లు హంతకుడెవరో వెతకడం మానేసి, వెలుగు ఎటునుంచి వస్తోందో చూడాలని నా గట్టి నమ్మకం. బిల్లీ వైల్డర్ తీసిన ‘డబుల్ ఇండెమ్నిటీ’ (1944)తో మొదలుపెట్టండి. బీమా ఏజెంటు వాల్టర్ నెఫ్ ఆరంభంలోనే ఆఫీసులో డిక్టాఫోన్ ముందు కూర్చుని నేరం ఒప్పేసుకుంటాడు. ఇక తెలియాల్సింది అతను అందులోకి ఎలా జారిపోయాడన్నదే. తన ఖాతాదారు భార్య ఫిలిస్ ఇంట్లో అతను అడుగుపెట్టే ఘట్టం చూడండి. బయట కాలిఫోర్నియా ఎండ మండిపోతుంటుంది. లోపల మాత్రం కిటికీ తెర పట్టీల నీడలు చారలు చారలుగా పరుచుకుని ఉంటాయి. మామూలుగా నీడల్ని మెత్తబరచడానికి ఎదుటి వైపు నుంచి మరో లైటు వేస్తారు. ఛాయాగ్రాహకుడు జాన్ సైట్జ్ ఇలాంటిచోట దాన్ని బాగా తగ్గించి, నలుపును నలుపుగానే ఉంచాడు. ఆపైన హత్య. కారు వెనకసీట్లో దాక్కున్న నెఫ్ ఆమె భర్తను చంపుతుంటే కెమెరా అటు తిరగదు, స్టీరింగు పట్టుకున్న ఫిలిస్ ముఖం మీదే నిలిచిపోతుంది. హింస మొత్తం ఆ కళ్లలోనే చదువుకోవాలి. శవాన్ని పట్టాల మీద వదిలి వచ్చాక కారు స్టార్టు కాదు. హంతకుల కోసం మనమే ఊపిరి బిగబడతాం. ఈ రకం సినిమా పనితనమంతా అక్కడుంది. ఒక్క జాగ్రత్త: నీడలు బూడిదరంగులో అలికేసినట్టు కనిపిస్తే అది పాడైన ప్రింటు. ఆపేసి, పునరుద్ధరించిన ప్రతి దొరికాకే చూడండి.