వదిలేయడం కూడా నేర్పుదాం

"ఒక్క ప్రశ్న కూడా వదలకుండా రాసి రామ్మా!"

పరీక్షకు బయల్దేరే పిల్లకు గడప దగ్గర మనం చెప్పే మాట ఇదే కదా! పదో తరగతికి ఇది మంచి సలహాయే. లెక్క చివరిదాకా రాకపోయినా, మొదటి మూడు మెట్లూ సరిగా వేస్తే పేపరు దిద్దే మాస్టారు ఒకటో రెండో మార్కులు వేస్తారు. బ్యాంకు క్లర్కు పరీక్షకు కూడా ఇదే మాట చెప్పి పంపితే మాత్రం మన పిల్లకు మనమే అడ్డం పడినట్టు. అక్కడ మెట్లకు మార్కుల్లేవు. పైగా తప్పు రాస్తే ఉన్న మార్కుల్లోంచి కోత పెడతారు.

నేను బ్యాంకులో పనిచేసి రిటైరయినదాన్ని. సాయంత్రాలు పటమటలో మా ఇంటి వరండాలో కొందరు అమ్మాయిలకు లెక్కలూ, రీజనింగూ చెబుతుంటాను. ఉయ్యూరు, కంకిపాడు, గుడివాడ వైపు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లే ఎక్కువ. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు స్థాపించిన జిల్లా కదండీ, మా వైపు బ్యాంకు ఉద్యోగమంటే ఇప్పటికీ ఓ గౌరవం. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయినా, ఆడపిల్లకు బ్యాంకు ఉద్యోగం రావాలన్న కోరిక మాత్రం ఏ ఇంట్లోనూ తగ్గలేదు.

స్టేట్ బ్యాంకు తన పరీక్ష తనే పెట్టుకుంటుంది. మిగతా ప్రభుత్వ బ్యాంకుల క్లర్కులకు 2011 నుంచి ఐబీపీఎస్ వాళ్లు ఉమ్మడి పరీక్ష పెడుతున్నారు. 2025 నోటిఫికేషన్లో ఆ ఉద్యోగానికి కస్టమర్ సర్వీస్ అసోసియేట్ అని కొత్త పేరు పెట్టారు. ప్రిలిమ్స్ మొత్తం గంట. ఇంగ్లీషులో 30 ప్రశ్నలు, లెక్కల్లో 35, రీజనింగులో 35. ఒక్కో భాగానికి సరిగ్గా 20 నిమిషాలు. ఇంగ్లీషు తొందరగా అయిపోతే మిగిలిన టైమును లెక్కలకు వాడుకుందామంటే కుదరదు. 20 నిమిషాలు కాగానే కంప్యూటరే తర్వాతి భాగంలోకి తీసుకుపోతుంది, మళ్లీ వెనక్కి రానివ్వదు. మూడు భాగాల్లోనూ విడివిడిగా కటాఫ్ దాటాలి కనుక, "నాకు లెక్కలు రావు, మిగతా రెండింట్లో లాగేస్తాను" అనుకోవడానికీ లేదు.

20 నిమిషాల్లో 35 లెక్కలంటే ఒక్కోదానికి 34 సెకన్లు. చదవడానికే సగం పోతాయి. అందుచేత అన్నీ చెయ్యడం మామూలు పిల్లలకు అయ్యే పని కాదు. పేపరు తయారుచేసేవాళ్లకూ ఆ సంగతి తెలుసు. ఏవి పట్టుకోవాలో, ఏవి వదలాలో తేల్చుకోవడం కూడా ఈ పరీక్షలో భాగమేనని నా అభిప్రాయం. చాలా కోచింగుల్లో షార్ట్‌కట్ల మీద చూపే శ్రద్ధ దీనిమీద చూపరు. చివరి వారంలో "రానివి వదిలేయండి" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటారు. రానివి వదలడం ఎవరికైనా వస్తుందండీ! వచ్చినదాన్ని, కానీ ఆలస్యమయ్యేదాన్ని వదలడమే కష్టం.

ఉయ్యూరు నుంచి వచ్చే ఒక అమ్మాయి సంగతి చెబుతాను. డిగ్రీ ఫస్టు క్లాసు, లెక్కలంటే ఇష్టం కూడా. మొదటి మాక్ టెస్టులో లెక్కల భాగాన్ని వరుసగా ఒకటి నుంచి మొదలుపెట్టింది. గంట కొట్టేసరికి 25వ ప్రశ్న దగ్గరుంది. రాసినవి 25, ఒప్పులు 17, తప్పులు 8. తప్పుకు పావు మార్కు చొప్పున రెండు పోగా చేతికొచ్చినవి 15. తనకు లెక్కలు రావడం లేదని ఏడుపు ఒక్కటే తక్కువ.

ఆ పేపరు ముందు పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. ఆ ఎనిమిది తప్పుల్లో కూడికల పొరపాట్లు రెండే. మరో రెండు పెద్ద లెక్కలు. ఆ రెండిటికే ఏడు నిమిషాలు పోశాక విసిగిపోయి ఏదో ఒకటి నొక్కింది. మిగతా నాలుగూ చివరి అరనిమిషంలో కళ్లు మూసుకుని పెట్టినవి. ఇక అసలు చూడకుండా మిగిలిపోయిన పది ప్రశ్నలూ అక్కడే చెయ్యమన్నాను. అందులో ఐదింటిని నాలుగు నిమిషాల్లో తప్పు లేకుండా చేసేసింది! నిజం చెప్పాలంటే ఆ అమ్మాయి మార్కులు పోయింది రాని లెక్కల్లో కాదు, కనీసం చూడని లెక్కల్లో.

ఆ ఏడు నిమిషాల్లో నాలుగింటిని తినేసింది ఒక పడవ లెక్క. "ఒక పడవ ప్రవాహానికి ఎదురుగా 24 కిలోమీటర్లు, ప్రవాహం వెంట 36 కిలోమీటర్లు మొత్తం 6 గంటల్లో వెళ్తుంది. ఎదురుగా 36, వెంట 24 అయితే ఆరున్నర గంటలు పడుతుంది. ప్రవాహ వేగమెంత?" దీన్ని ఇంకో పడవ లెక్క పక్కన పెట్టి చూడండి: "ఒక పడవ 36 కిలోమీటర్లు ప్రవాహం వెంట 3 గంటల్లో, ఎదురుగా 6 గంటల్లో వెళ్తుంది. ప్రవాహ వేగమెంత?" రెండూ ఒకే పాఠంలోవే, పైకి ఒకలాగే కనిపిస్తాయి. రెండోదాంట్లో దూరమూ కాలమూ జంటగా ఇచ్చేశాడు. వెంట గంటకు 12, ఎదురుగా 6, తేడాలో సగం 3. అయిపోయింది, ఇరవై సెకన్లు. మొదటిదాంట్లో రెండు వేగాలూ తెలియవు, కాలాలు కలిపి ఇచ్చాడు. రెండు సమీకరణాలు రాసుకుని తేల్చాలి. (జవాబు గంటకు 2 కిలోమీటర్లు, ఇంట్లో తీరిగ్గా చేసి చూసుకోండి.) చివరికి రెండిటికీ దక్కేది ఒక్కొక్క మార్కే.

అందుకే నేను నేర్పేది ఏమిటంటే, ప్రశ్న చదవగానే "ఇది నాకు వచ్చా?" అని అడగొద్దు, "మొదటి గీత ఇప్పుడే గీయగలనా?" అని అడగాలి. చదవడం పూర్తయ్యేసరికి చెయ్యి రఫ్ కాగితం మీద దానంతట అది కదిలితే ఆ లెక్క మనది. తెలియనివి రెండు ఉండి, ఒకదాంట్లోంచి ఇంకోటి లాగాల్సి వస్తే ముందుకు జరగాల్సిందే. స్క్రీన్ మీద `Mark for Review & Next` అని ఒక మీట ఉంటుంది, అది నొక్కితే ఆ ప్రశ్న తిరిగి రావడానికి గుర్తుగా ఉంటుంది. జవాబు ఎంచుకుని ఆ మీట నొక్కితే ఆ జవాబును కూడా లెక్కలోకి తీసుకుంటారు. కాబట్టి సగం నమ్మకంతో పెట్టింది వద్దనుకుంటే `Clear Response` నొక్కి తుడిచేయాలి.

ఇలా మొదటి చుట్టులో పదకొండు, పన్నెండు నిమిషాలకల్లా 35 ప్రశ్నలూ ఒకసారి కళ్లబడాలి. మిగిలిన టైము గుర్తుపెట్టుకున్నవాటికి. చుట్టు మధ్యలో పెద్ద లెక్క మీద మోజుపడటమే అసలు చిక్కు. ఒక నిమిషం పెట్టాం కదా, ఇంకొక్క నిమిషం పెడితే వచ్చేస్తుందనిపిస్తుంది. పోసిన నిమిషం ఎలాగూ తిరిగి రాదు. ఆ రెండో నిమిషంలో ఇంకెన్ని తేలికవి దొరుకుతాయన్నదే చూసుకోవాలి.

రీజనింగులో ఈ నిర్ణయం ఇంకా బరువైంది. అక్కడ ఒక్క పజిల్ కింద ఐదేసి ప్రశ్నలు గుత్తిగా వస్తాయి. సోమవారం నుంచి ఆదివారం దాకా రోజుకొకరు చొప్పున ఏడుగురు స్నేహితురాళ్లు ఊరెళ్లారనుకోండి. "లత బుధవారం వెళ్లింది, లతకూ రాణికీ మధ్య ఇద్దరు వెళ్లారు" అంటే రాణి శనివారమే, ఇంకో దారి లేదు. ఇద్దరి చోటూ ఖాయమైంది, దిగిపోవచ్చు. అలా కాకుండా "రాణికి ముందు ఎంతమంది వెళ్లారో లత తర్వాత అంతమంది వెళ్లారు" అని మొదలైతే ఆ ఒక్క వాక్యానికే ఆరు రకాలుగా బొమ్మ గీయొచ్చు. మిగతా ఆధారాల్లో ఎక్కడైనా ఫలానా రోజు ఫలానా మనిషి అని గట్టిగా చెప్పాడేమో వెతకాలి. ఒక నిమిషంలో అలాంటిది దొరక్కపోతే వదిలేసి తర్వాతి గుత్తికి వెళ్లాలి. వరుసలో ఎంతమంది కూర్చున్నారో కూడా చెప్పని పజిల్ అయితే, దాన్ని చివరికి ఉంచుకోవడమే మంచిది.

మరి గుడ్డిగా గుర్తులు పెట్టడం మాటేమిటని మా పిల్లలు తప్పకుండా అడుగుతారు. వేళ్ల మీద లెక్క వేసి చూపిస్తాను. ఒక్కో ప్రశ్నకు ఐదు జవాబులు ఇస్తాడు. ఐదు ప్రశ్నలకు కళ్లు మూసుకుని పెడితే సగటున ఒకటి తగులుతుంది, నాలుగు తప్పుతాయి. నాలుగు పావులు ఒకటి. వచ్చిన మార్కు పోయిన మార్కుకు చెల్లు. అదే ప్రతి ప్రశ్నలోనూ రెండు జవాబులు కచ్చితంగా కావని కొట్టేయగలిగితే, మూడు ప్రశ్నలకు ఒకటి తగిలి రెండు తప్పుతాయి. ఒకటి వచ్చి అర పోతుంది, అర మార్కు మిగులుతుంది. అంటే ఏమీ తెలియనిచోట చెయ్యి కట్టుకోవాలి, కొంత తెలిసినచోట ధైర్యం చెయ్యాలి. ఈ లెక్క ఈ పరీక్షదే సుమా! రైల్వే ఎన్టీపీసీలో నాలుగు జవాబులు, తప్పుకు మూడోవంతు కోత. అక్కడ మళ్లీ వేళ్లు తెరవాల్సిందే.

ఎక్కాలూ, వర్గాలూ, భిన్నాలను శాతాల్లోకి మార్చడమూ నోటికి రాని పిల్లకు ఈ ఉపాయాలేవీ పనికిరావు. ఆమెకు తేలిక లెక్క కూడా నిమిషమున్నర పడుతుంది, వదలడానికే తప్ప పట్టుకోవడానికి ఏమీ మిగలదు. ముందు ఆ పునాది, తర్వాతే ఇది. ప్రిలిమ్స్ మార్కులు గట్టెక్కడానికి మాత్రమే, ఎంపిక మెయిన్స్ మార్కుల మీద. కనుక ఇక్కడ ప్రతి మార్కూ పిండుకోవాలన్న ఆరాటమూ అక్కర్లేదు.

ఉయ్యూరు అమ్మాయి ఆ తర్వాత ఆరు వారాలు ప్రతి మాక్ టెస్టు అయ్యాక నోటుబుక్కులో రెండే అంకెలు రాసుకుంది. చూడకుండా మిగిలిన తేలికవి ఎన్ని, రెండు నిమిషాలు దాటినవి ఎన్ని. వచ్చిన మార్కులు కూడా రాయొద్దన్నాను. మొదటి రెండు వారాలు మార్కులు ఇంకా తగ్గాయి, వాళ్లమ్మ కాస్త కంగారుపడ్డారు కూడా. ఆరో వారంలో 23 రాసింది, 21 ఒప్పు, 2 తప్పు. ఇరవైన్నర. ముందుకంటే రెండు ప్రశ్నలు తక్కువ రాసి, ఐదున్నర మార్కులు ఎక్కువ తెచ్చుకుంది.

ఇక అమ్మలతో ఒక మాట. ఒక్కో భాగం 20 నిమిషాలే కాబట్టి, ఇంటి పనుల మధ్య కూడా పిల్ల ఒక భాగాన్ని పూర్తిగా సాధన చెయ్యగలదు. కానీ ఆ 20 నిమిషాలు తెగకూడదు. మధ్యలో "పొయ్యి మీద పాలు చూడవే" అని పిలిస్తే ఆ టెస్టు చెడినట్టే, మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాలి. టెస్టు మొదలయ్యేముందు గోడ గడియారం చూసి "ఇంతవరకూ నన్ను పిలవకండి" అని పిల్ల చెబితే కసురుకోకండి. పాలు మీరు చూడండి, లేదా వాళ్ల అన్నయ్యను చూడమనండి.