‘ఏమీ అనుకోకండి’ అంటే సరిపోతుందా?

మొన్న మా ఆఫీసుకి ఒక శిక్షకుడు వచ్చి రెండు గంటలు మాట్లాడాడు. దూరదేశంలో ఉన్న సహోద్యోగిని రాత్రిపూటో తెల్లవారుజామునో కాల్‌కి ఎలా రమ్మనాలన్నది ఆ రోజు పాఠం. ‘వాళ్ల ఇబ్బంది మీకు తెలుసని మొదటి వాక్యంలోనే రాసేయండి. అలా రాశాక ఎవరూ కాదనరు’ అన్నాడు. అందరూ బుద్ధిగా రాసుకున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఎవరూ కాదనకుండా చేయడానికే ఆ వాక్యమైతే దాన్ని మర్యాద అని ఎందుకంటాం? అది ఎదుటి మనిషి నోరు నొక్కడం.

పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో కూర్చుని కాలిఫోర్నియా వాళ్లతో పనిచేస్తున్నాను. ‘సారీ ఫర్ ద లేట్ అవర్’ అన్న మాట ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఆ మాట రాసినవాళ్లలో టైమును అరగంట ఇటు జరిపినవాళ్లు ముగ్గురో నలుగురో ఉంటారు. మిగతావాళ్లకి ఆ సారీతోనే బాకీ తీరిపోయింది.

ఒక్క సంగతి వివరంగా చెప్తాను. 2024 ఆగస్టులో అక్కడి మేనేజర్ ఒకావిడ ప్రతి సోమవారం ఉదయం 9 గంటలకి కాల్ పెట్టింది. అంటే మాకు రాత్రి 9.30. ‘మీకు ఆలస్యమవుతుందని తెలుసు, ఏమీ అనుకోకండి’ అని చాలా చక్కగా రాసింది. సరే అన్నాం. మా పాపకి 9 గంటలకల్లా అన్నం పెట్టేసి లాప్‌టాప్ ముందు కూర్చునేదాన్ని. నవంబర్ 3న, ఆదివారం, అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పారు. అక్కడ ప్రతి ఏడూ మార్చి రెండో ఆదివారం గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. మన గడియారం ఎప్పుడూ కదలదు. వారం వారం వచ్చే ఆహ్వానం పెట్టినవాళ్ల గడియారానికే కట్టి ఉంటుంది కాబట్టి, మర్నాడు సోమవారం కూడా ఆవిడకి 9 గంటలే. మాకు మాత్రం అది 10.30 అయిపోయింది.

ఆ గంట మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఆగస్టులో చెప్పిన సారీ 9.30కి చెప్పింది. 10.30కి సారీ లేదు, విన్నపం లేదు, మెయిల్ ముక్క కూడా లేదు. మళ్లీ మార్చి 9న గడియారాలు ముందుకి తిప్పేదాకా, కేలండర్‌లో లెక్కపెడితే 18 సోమవారాలు. పదిహేను నిమిషాలన్న కాల్ నలభైకి తక్కువ ఎప్పుడూ లేదు. పదకొండు దాటాక నిద్ర పట్టేది కాదు. ఆవిడ చెడ్డ మనిషని నేను అనను. ఆవిడ తెరమీద 9 అన్న అంకె మారలేదు, అంతే. ఎదుటివాళ్ల గడియారం చూడాల్సిన పనే లేకుండా చేసింది మొదట్లో రాసిన ఆ మంచి వాక్యం.

‘ఏమీ అనుకోకండి’ అన్న మాట విలువ మనకి తెలియనిది కాదు. మా అమ్మ వాళ్ల వీధిలో పక్కింటావిడ సందెవేళ గిన్నె పట్టుకుని వచ్చి ‘ఏమీ అనుకోకు వదినా, పాలు తోడెయ్యడానికి కాస్త పెరుగు పెట్టు’ అనేది. మర్నాడు అదే గిన్నెలో కరివేపాకో, నాలుగు వంకాయలో వచ్చేవి. లేదంటే ఇంకో రోజు అమ్మ వాళ్లింటికి గిన్నె పట్టుకెళ్లేది. ఆ మాట అన్నవాళ్లు అప్పుపడ్డట్టే లెక్క. ఈ కాల్స్‌లో ఆ మాట వినిపిస్తుంది కానీ గిన్నె తిరిగి రాదు.

‘ఐటీ ఉద్యోగమన్నాక ఇవన్నీ మామూలే, జీతం ఇస్తున్నారుగా’ అనేవాళ్లకి పెద్దగా చెప్పేదేమీ లేదు. జీతం పనికి ఇస్తారు. నా ఇంట్లో ఎనిమిదిమంది పడుకునే వేళకి కాదు.

మనవాళ్ల సంగతీ చెప్పాలి, అసలు కోపం అక్కడే. అవతల ఉన్నది తెలుగువాళ్లైతే ఆ ఒక్క సారీ కూడా ఉండదు. ‘మనవాళ్లే కదా, ఒక్క అయిదు నిమిషాలు’ అని శుక్రవారం సాయంత్రం అయిదింటికి పిలుస్తారు. అక్కడ చలికాలం శుక్రవారం సాయంత్రం 5 అంటే ఇక్కడ శనివారం ఉదయం 6.30. వాళ్లకి వారం ముగిసే గంట మా సెలవును కొరికేస్తుంది. ఇదే హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్లు, ఈ తేడా నోటి లెక్కగా తెలిసినవాళ్లు!

ఇద్దరికీ ఆఫీసు వేళల్లో కుదిరే గంట లేదు నిజమే. చలికాలంలో మా ఉదయం 9 వాళ్లకి ముందురోజు రాత్రి 7.30, మా సాయంత్రం 6 వాళ్లకి తెల్లవారుజాము 4.30. ఎవరో ఒకరు నష్టపోవాల్సిందే. అందుకే ఇబ్బందిని గుర్తించడం కాదు కావలసింది, పంచుకోవడం. అది మెయిల్ చూడగానే తెలిసిపోతుంది. సమయం నా గడియారంలో, నా వారం పేరుతో రాశారా? రెండో దారి ఉందా? ఆ దారిలో అడిగినవాళ్లకీ కాస్త కష్టం ఉందా? నేను రాలేనంటే పని ఎలా సాగుతుందో చెప్పారా? ఇవేవీ లేకుండా సారీ మాత్రమే ఉంటే అది ఆజ్ఞే.

పోయిన డిసెంబర్‌లో మా టీమ్‌లోకి కొత్తగా వచ్చిన అక్కడి కుర్రాడు రాసిన మెయిల్ నాకు ఇంచుమించు నోటికి వచ్చు. ‘డేటాబేస్ మార్పు మీద గురువారంలోగా నిర్ణయం కావాలి. మెయిల్‌లో రెండుసార్లు రాసుకున్నా తేలలేదు. 25 నిమిషాలు చాలు. మంగళవారం హైదరాబాద్‌లో రాత్రి 8.30, నాకు ఉదయం 7. లేదా బుధవారం హైదరాబాద్‌లో ఉదయం 7.30, నాకు మంగళవారం సాయంత్రం 6. రెండూ కుదరకపోతే కింది మూడు ప్రశ్నలకి జవాబు రాయండి, దాని మీదే ముందుకి వెళ్తాను.’ అందులో సారీ అన్న మాటే లేదు. అవసరం కూడా కలగలేదు. ఉదయం 7కి లేచి కూర్చుంటానని రాసినవాడి మర్యాద గురించి నాకు అనుమానం ఎందుకు వస్తుంది?

కంపెనీలు దీనికి ఏం నియమం పెట్టాలో పెద్దలు తేల్చాలి. వారం మార్చి వారం వంతులేసుకోవడం, మార్చిలో, నవంబర్‌లో ప్రతి కాల్‌నీ మళ్లీ అడిగి పెట్టుకోవడం మొదలుపెడితే సగం బాధ తీరుతుందని నా నమ్మకం.

ఆ మంగళవారం నేను కాల్‌కి వెళ్లలేదు. పాపకి జ్వరం. రాలేనని ఒక్క వాక్యం రాసి, మూడు ప్రశ్నలకీ జవాబు పంపాను. కారణం రాయలేదు, అతను అడగలేదు. గురువారానికి పని అయిపోయింది. పదకొండేళ్లలో అటువైపు నుంచి వచ్చిన విన్నపానికి నేను కాదనగలిగింది అదే మొదటిసారి. ఎవరూ కాదనకుండా ఎలా రాయాలో నేర్పే ఆ శిక్షకుడు, కాదనడానికి వీలుగా ఎలా రాయాలో ఈ కుర్రాడి దగ్గర నేర్చుకోవాలి.