పెట్టె మీద పేరు లేదు

ఒక ఏప్రిల్‌లో హైదరాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. మా నూజివీడు బంగినపల్లి పెట్టెల్ని వెనక్కి తీసుకుపొమ్మని ఒక దుకాణం చెప్పింది. కాయల మధ్య చిన్న కాగితం పొట్లం దొరికిందట. అందులో బూడిదరంగు పొడి, వెల్లుల్లి వాసన. అది కార్బైడని మాకు విడిగా ఎవరూ చెప్పక్కర్లేదు.

తేమ తగిలితే అది ఎసిటిలీన్ వదులుతుంది. కాయ పసుపెక్కుతుంది, లోపల పులుపు పోదు. ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్లు ఉంటాయనే దాన్ని నిషేధించారు. 2015లో హైకోర్టు తనంతట తానే ఈ విషయం విచారణకు తీసుకున్నప్పుడు పేపర్లో చదివి తలలూపాం. ఇథిలీన్ గది పెడదామని కమీషన్ కొట్లవాళ్లం రెండు సీజన్లు మాట్లాడుకున్నాం. మాటలతోనే సరిపెట్టాం.

ఫోన్ వచ్చిన రాత్రి అందరం కూర్చుని ప్రకటన తయారుచేశాం: "నూజివీడు మామిడి నూటికి నూరుపాళ్లు సురక్షితం." రాసింది నేనే.

అబద్ధమాడాలని రాయలేదు. నిజం చెప్పడానికి మా దగ్గర ఆధారం లేదు. నాలుగు తోటల కాయ కొట్టులో ఒకే రాశిగా పడుతుంది. అక్కణ్నుంచి పెట్టెలకెక్కేటప్పుడు ఏ తోటదో, ఏ రోజు కోశారో, ఎక్కడ మాగబెట్టారో ఎవరూ రాయరు. ఇక మేం చెప్పగలిగినవి రెండే: అన్నీ మంచివి, లేదా అన్నీ చెడ్డవి. మాకు కలిసొచ్చేది ఎంచుకున్నాం.

చెప్పాల్సింది వేరు. "ఫలానా తేదీన ఫలానా కొట్టు నుంచి వచ్చిన పెట్టెల్లో కార్బైడ్ దొరికింది. ఆ కాయలు తినకండి. తిరిగిస్తే డబ్బిస్తాం. ఈ నంబరుకు ఫోన్ చేయండి. ఎక్కడ కలిసిందో వెతుకుతున్నాం, శుక్రవారం మళ్లీ చెబుతాం." శుక్రవారానికి ఏమీ తేలకపోతే, తేలలేదనే చెప్పాలి. 2017 నాటి ఆహార రీకాల్ నిబంధనలు ప్యాకెట్ సరుక్కి అడిగేదీ ఇదే: ఏ సరుకు, ఏ బ్యాచ్, ఎందుకు వెనక్కి, ఎవరిని అడగాలి. బ్యాచ్ నంబరు ఉన్నవాడు ఒక్క బ్యాచ్‌నే పోగొట్టుకుంటాడు. లేనివాడు ఊరి పేరే పోగొట్టుకుంటాడు.

2015లో మ్యాగీని వెనక్కి తీసుకుంటూనే సరుకు సురక్షితమేనంది నెస్లే. ఆగస్టులో బాంబే హైకోర్టు నిషేధాన్ని కొట్టేసింది, నవంబరులో ప్యాకెట్లు మళ్లీ అంగళ్లకొచ్చాయి. కోర్టు చేయించమన్న పరీక్షల్లో నెగ్గిన ఫలితం వాళ్లకుంది. మాకున్నది నోటిమాటే.

వారం తిరక్కుండా ఆ దుకాణం మా చిన్న రసాలు కూడా వద్దంది. చెట్టు మీద పండబోయే కాయే కోసి, గడ్డిలో మాగబెట్టే ఒక పెద్దాయన కొట్టుకొచ్చి అడిగాడు: "నా కాయేం చేసింది నాయనా?"

ఏమీ చెయ్యలేదని నాకు తెలుసు. వెళ్లిన పెట్టెల్లో ఆయన కాయ ఏదో మాత్రం చూపించలేకపోయాను.